ఐదు గడుల్లో పట్టని అంగడి

జీవరత్నం చిన్నాయన గురించి చెప్పమంటే ముందు నా తప్పు చెప్పాలి. అది దాచిపెట్టి ఆయన మంచితనం చెప్పుకుంటూ పోతే నా నోరు నన్నే తిడుతుంది. నాకు నోరెక్కువని నంద్యాలలో మా వీధంతా అంటుంది. అననీ.

ఆయన మా సొంత చిన్నాయనేమీ కాదు. మా నాయనా ఆయనా ఆళ్లగడ్డలో ఒకే చర్చికి పోయేవాళ్లు. ముప్పై నాలుగేళ్లు అక్కడే పోస్ట్‌మ్యాన్‌గా చేసి రిటైరయ్యాడు. ఖాకీ చొక్కా విప్పినా సైకిలు మాత్రం వదల్లేదు. పెళ్లాం పోయింది, పిల్లల్లేరు. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక, "ఏదన్నా పనుంటే చెప్పు మే రెబెకా, బుర్ర తుప్పు పడతాంది" అని ఒక ఆదివారం అడిగాడు.

నాకప్పుడు ఆయన లాంటి మనిషే కావాలి. సంజీవనగర్‌లో జిరాక్స్ షాపు మీద ఒక గది అద్దెకు తీసుకుని డేటా పని చేస్తుంటాను. ఒక గుండె జబ్బుల ట్రస్టు వాళ్లు జిల్లా అంతటా క్యాంపులు పెట్టి, చిన్న మిషన్లతో గుండె స్కాన్ తీసుకుని పోయారు. ఆ బొమ్మల్ని పెద్ద డాక్టర్లు తర్వాత తీరిగ్గా చూస్తారు. ఎవరికి గండం ఉందో వాళ్లకు, ఫలానా తేదీకి నంద్యాల రమ్మని ఉత్తరం వెళ్తుంది. ఆ ఉత్తరం చూపిస్తేనే ఆస్పత్రిలో చేర్చుకోవడం, ఆపరేషన్ ఉచితం. ఉత్తరం అందితే మనిషి బతుకుతాడు, అందకపోతే లేదు. సంగతి ఇంతే.

క్యాంపు ఫారాల్లో చిరునామా అని ఒకే పొడుగాటి గీత ఉండేది. జనం ఏం చెబితే అది రాసుకొచ్చారు. ఆ పదకొండు వేల గీతల్ని మేము ఐదు గడులుగా విడగొట్టాలి: వీధి, పేట లేదా ఊరు, పట్టణం, జిల్లా, పిన్‌కోడ్. మా దగ్గర పనిచేసే సిరి దానికో ప్రోగ్రామ్ రాసింది. అది ముందు ఆరంకెల పిన్ పట్టుకుంటుంది. తర్వాత జిల్లా పేరు, పట్టణం పేరు మా దగ్గరున్న జాబితాలతో పోల్చి విడదీస్తుంది. డోర్ నంబరు, సందు అని కనబడితే వీధిలో వేస్తుంది. మిగిలిందాన్ని కామాల దగ్గర కోసి ఖాళీగా ఉన్న గడుల్లో సర్దుతుంది. ఒకదానికొకటి పొంతన కుదరకపోతే పక్కనున్న ఆరో గడిలో "అనుమానం" అని ఎర్రగా వెలిగిస్తుంది. ఆ ఎర్రవి మనుషులు చూడాలి. తేలితే తేల్చాలి. తేలకపోతే అనుమానం అలాగే ఉంచి, ఎందుకో కారణం రాసి ట్రస్టుకు పంపాలి. అప్పుడు వాళ్ల మనిషి ఆ ఊరికి నడిచెళ్లి కనుక్కుంటాడు.

జిల్లాతోనే తల ప్రాణం తోకకొచ్చింది. నంద్యాల జిల్లా అయ్యి ఏళ్లు గడిచినా జనం నాలుక మీద ఇంకా కర్నూలే. పిన్‌ని బట్టి తేలుద్దామా అంటే 518తో మొదలయ్యేవి రెండు జిల్లాల్లోనూ ఉన్నాయి. మండలం పేరు దొరికితేనే తేలేది.

ఇక జీవరత్నం చిన్నాయన రోజూ ఆళ్లగడ్డ నుంచి పొద్దుటి బస్సెక్కి వచ్చి, ఆ ఎర్రవాటి ముందు కూర్చునేవాడు. మొదటివారం మా కడుపులు చెక్కలయ్యాయి. ఒక ఫారంలో "వెంకటేశ్వర్లు, ఎర్ర గేటు ఇల్లు, కుక్క ఉంది, నంద్యాల" అని ఉంది. ప్రోగ్రామ్ ఎర్ర గేటును వీధిలో వేసింది, పేట గడిలో "కుక్క ఉంది" అని వేసింది.

"ఏందీ, కుక్క ఉంది అనే పేట నంద్యాలలో యాడుంది మే?" అని ఆయన కళ్లజోడు పైకెత్తాడు. సిరి టేబుల్ మీద పడి నవ్వింది.

"తీసెయ్ చిన్నాయనా" అన్నాను.

"తీసేస్తే ఎట్ల? పోస్ట్‌మ్యాన్ కోసం రాసిండాడు పాపం. ఒకసారి కరిపిచ్చుకున్నోనికి తెలుస్తాది దాని విలువ." ప్యాంటు ఎత్తి పిక్క మీద మచ్చ చూపించాడు. చివరికి కారణం గడిలో "పేట అడగాల. కుక్క సంగతి పొయ్యేవాళ్లకు చెప్పాల" అని రాశాడు.

అదీ ఆయన పద్ధతి. తెలిసిందైతే ఠక్కున తేల్చేవాడు. తెలియనిదాన్ని తెలిసినట్టు రాయడానికి ఆయన చెయ్యి వచ్చేది కాదు. దాంతో వందలో పద్నాలుగు అనుమానాలు మిగిలాయి. నాకేమో పని తెమలాలి.

జూలైలో ఒక మధ్యాహ్నం ట్రస్టు ఆఫీసు నుంచి సుందరరాజు ఫోన్ చేశాడు. ఆ పనంతా చూసేది ఆయనే. "ఏంటమ్మా ఇన్ని అనుమానాలు? మా దగ్గర ఊళ్లు తిరిగేవాళ్లు నలుగురే. వందకు ఐదు దాటితే మా వల్ల కాదు. మీవల్ల కాకపోతే చెప్పండి, ఇంకొకరికి ఇచ్చుకుంటాం" అని పెట్టేశాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన మీద చూపించలేని కోపాన్ని తెచ్చి ముసలాయన మీద పోశాను.

"చిన్నాయనా, సాయంత్రానికి ఈ విడతవి సగానికి సగం దిగాలి. జాబితాలో ఊరు దొరికిందా, దాని పిన్ వేసెయ్. అనుమానం తీసెయ్. ఇది తపాలా బంట్రోతు ఉద్యోగం కాదు, నిదానంగా వాకిలి వాకిలికీ నిలబడటానికి."

ఆ మాట ఎలా అన్నానో నాకిప్పటికీ తెలియదు. ఆయన కుర్చీ కొంచెం ముందుకు జరుపుకున్నాడు.

నేను పక్కనే కూర్చుని ఒక్కొక్కటీ తీయించడం మొదలుపెట్టాను. అలా తీయిస్తూ నాలుగు వేల నూట పదిహేడో వరుస దగ్గరికి వచ్చాము. నాకు ఆ అంకె కంఠతా వచ్చు. ఫారంలో ఉన్నది ఇది: "ఉడతల భ్రమరాంబిక, భర్త మల్లేశ్, బైరాగికుంట గూడెం, మణెమ్మ టీ అంగడిలో ఇయ్యాల, ఆళ్లగడ్డ, కర్నూలు జిల్లా, 518543."

అది నల్లమలలోని చెంచుల గూడెం. మా జాబితా ప్రకారం ఆ గూడెం వేరే పోస్టాఫీసు కిందికి వస్తుంది, దాని పిన్ వేరు. మనిషి రాయించిన పిన్ మాత్రం ఆళ్లగడ్డది. రెండూ పొసగలేదు కాబట్టి ప్రోగ్రామ్ ఎర్రగా వెలిగించింది. చిన్నాయన అంతకుముందే కారణం రాసి పెట్టాడు: "ఊరి పిన్ ఒకటి, రాసింది ఇంకొకటి. అంగడి పేరు ఉంది. అడగాల."

"దీంట్లో అడగడానికేముంది? గూడెం దొరికింది కదా. దాని పట్టణం, దాని పిన్ వేసెయ్" అన్నాను.

"అట్ల కాదు మే. అడవోళ్లకు ఉండేది ఒక చోట, జాబు తీసుకునేది ఒక చోట. ఆ పోస్టాఫీసు దిక్కుకు వాళ్లకు దావ లేదు. గూడెం దావ దిగేది ఆళ్లగడ్డకు. సంత రోజు అందరూ మణెమ్మ అంగడి కాడికే వస్తారు. నేను ఉన్నప్పుడు గూడెం జాబులన్నీ ఆయమ్మ చేతికే ఇస్తాంటి. ఇప్పుడు ఎవరున్నారో, ఎట్ల చేస్తాండారో తెలీదు. అందుకే అడగాల అంటాండా."

"సరే, ఆ అంగడిని ఏ గడిలో వేస్తావు?"

ఆయన తెరవైపు చూశాడు. "వీధి గడిలో ఏద్దామా?"

"వీధిలో డోర్ నంబరు, సందు తప్ప ఇంకేమీ ఉండకూడదని ట్రస్టు రాసిచ్చింది. అంగళ్లూ గుళ్లూ తీసేయమన్నారు. గడి లేదు చిన్నాయనా, గడి లేదు! తీసెయ్."

మౌస్ మీద ఆయన చెయ్యి కాసేపు ఆగింది. తర్వాత తీసేశాడు. గూడెం రెండో గడిలోకి పోయింది, పట్టణం మారింది, జిల్లా నంద్యాల అయింది, కొత్త పిన్ వచ్చి కూర్చుంది. ఎరుపు ఆరిపోయింది. వీధి ఖాళీ, మిగిలిన నాలుగు గడులు ఒకదానితో ఒకటి ముచ్చటగా కుదిరాయి. అంత శుభ్రమైన వరుస ఆ రోజు ఇంకొకటి లేదు. నాకు సంతోషం కూడా వేసింది, ఛీ!

సాయంత్రానికి రెండొందల పన్నెండు అనుమానాలు అలా ఆరిపోయాయి. ఫారంలోని అసలు గీత మా దగ్గర ప్రతి వరుస మొదట్లోనే ఉంది. కానీ కవర్ల మీద అచ్చయ్యేది ఐదు గడులే. మణెమ్మ అంగడి మా కంప్యూటర్ దాటి బయటికి పోలేదు.

సెప్టెంబరులో ట్రస్టు నుంచి ఒక అట్టపెట్టె వచ్చింది. అందక తిరిగొచ్చిన ఉత్తరాలు. ఎక్కడ తప్పాయో చూసి చెప్పమన్నారు. చిన్నాయన నేల మీద తువ్వాలు పరచుకుని కవర్లన్నీ ఊళ్లవారీగా పేర్చడం మొదలుపెట్టాడు. చేతులు ఆడుతున్న తీరు చూస్తే పాత ఉద్యోగంలో చేరినట్టే ఉంది. ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"ఏమైంది?" అన్నాను.

కవరు నావైపు తిప్పాడు. ఉడతల భ్రమరాంబిక. వెనుక "ఎవరూ వచ్చి తీసుకోలేదు, పంపినవారికి వాపసు" అని ముద్ర.  ట్రస్టుకు ఫోన్ చేసి అడిగితే, ఆమె గుండెలో ఒక కవాటం బాగా ఇరుకైపోయిందనీ, ఆగస్టు పదహారుకి రమ్మని రాశామనీ, రాకపోతే ఇష్టం లేదనుకున్నామనీ చెప్పారు. ఫారంలో ఫోన్ నంబరు గడిలో అడ్డగీత ఉంది. గూడెంలో సిగ్నల్ లేదు.

చిన్నాయన కవరు జేబులో పెట్టుకుని లేచాడు. "రేపు సంత. నేను పోతా."

"నేనూ వస్తా" అన్నాను. ఎందుకన్నానో, ధైర్యంతో మాత్రం కాదు. ఆయన ఒక్కడే ఆ కవరు పట్టుకుని నిలబడటం తలుచుకుంటే నిద్రపట్టేలా లేదు.

మర్నాడు ఆళ్లగడ్డలో దిగాం. మణెమ్మ అంగడి బస్సులు ఆగే చోటికి ఎదురుగానే ఉంది. రేకుల చూరు, రెండు బల్లలు. గోడకు ఒక గోనెసంచి వేలాడుతోంది, దాంట్లో నాలుగైదు కవర్లు. మణెమ్మకు అరవై దాటి ఉంటాయి. చిన్నాయన్ను చూడగానే మొహం విప్పారింది.

"ఏమప్పా జీవరత్నం, అంగడి తెరవకముందే బస్సెక్కి పోతాండావు, ఈ దిక్కే మర్సిపోయినావే! కూచో, టీ తాగు."

"టీ తర్వాత. బైరాగికుంట మల్లేశ్ వచ్చినాడా మణెమ్మా?"

ఆమె గ్లాసు కడుగుతున్నది ఆపేసింది. "వచ్చినాడు. తేనె అమ్ముకోను పోయినాడు, వస్తాడు. ఆయన పెండ్లాం పోయింది, తెల్దా? మొన్న ఆగస్టు నెలాకరు. పాపం, వచ్చినప్పుడల్లా ఆ సంచిలో చెయ్యి పెట్టి ఎతికేది. నాకొక జాబొస్తాది అక్కా, ఆస్పత్రి జాబు, తీసిపెట్టు అని."

చిన్నాయన బల్ల మీద కూర్చున్నాడు. నాకు పారిపోదామనిపించింది, ఎదురుగా నంద్యాల బస్సు కూడా ఉంది. పారిపోలేదు, అదొక్కటే నేను చేసిన మంచిపని.

కాసేపటికి మల్లేశ్ వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి, సన్నగా ఉన్నాడు. వెంట ఎనిమిదేళ్ల కూతురు. పేరు వెన్నెలట. మణెమ్మ ఆ పిల్లకు బన్ను ఇచ్చి లోపల కూర్చోబెట్టింది.

చిన్నాయన లేచి నిలబడ్డాడు. పోస్ట్‌మ్యాన్ లేచి నిలబడినట్టే, కవరు రెండు చేతులా పట్టుకుని. "మల్లేశా, ఇది మీ ఆమె జాబు. వేరే తావుకు పోయింది. అట్ల పోయింది మావల్ల" అన్నాడు.

మల్లేశ్ కవరును తీసుకోలేదు. "నాకు సదువు రాదు సారూ. ఏముందో సదువు."

చదవక్కర్లేదు చిన్నాయనా, చించి పారేయ్ అని అరవాలనిపించింది నాకు. ఆయన చించి చదివాడు. ఒక్క అక్షరం మింగలేదు. ఆగస్టు పదహారో తేదీ ఉదయం పది గంటలకు నంద్యాల రావలెను, ఈ ఉత్తరం తేవలెను, ఖర్చేమీ లేదు, తోడుగా ఒకరు రావచ్చు.

"పదహారు అంటే ఏ దినం సారూ?"

చిన్నాయన వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. "సంత దినం" అన్నాడు మెల్లగా.

మల్లేశ్ ఆ బల్ల వంక చూశాడు. "ఆ దినం మేం ఈడనే ఉంటిమి. ఆమె నడ్సలేక పోతే వీపున ఏసుకొని దించినా. జాబొచ్చింటాది, అడిగి పోదామనె. పొద్దు గూకేదాంక ఈ బల్ల మీదనే పండుకోని ఉండె. నంద్యాల బస్సులు పోతాంటే లెక్కపెడతాండె. జాబు లేకుండా పోతే రానియ్యరంటివి కదా, అని నన్నే అడిగె." కవరు వైపు చూసి, "మేం చెప్పిన అడ్రసు తప్పా సారూ?" అన్నాడు.

"తప్పు కాదు నాయనా. సరిగ్గానే చెప్పినారు" అన్నాడు చిన్నాయన.

"మరి?"

ఆ "మరి"కి జవాబు నా దగ్గర ఉంది. చెప్పాను. మీరు చెప్పిన అంగడి పేరు నేనే తీసేయించాను, దానికి గడి లేదన్నాను అని. ఏడుస్తూనే చెప్పాను. తిడితే బాగుండేది. కొట్టినా బాగుండేది. మల్లేశ్ అంగడి పేరు రాసిన రేకు బోర్డు వంక ఒకసారి చూసి, "ఇంత పెద్దగ రాసిండాదే" అన్నాడు. అంతే. లోపలికి పోయి కూతుర్ని చెయ్యి పట్టుకుని సంతలో కలిసిపోయాడు.

బస్సు దాకా వస్తూ చిన్నాయన్ని అడిగాను, నామీద కోపం రాలేదా అని.

"నువ్వు తీసెయ్ అంటివి, నిజమే. తీసింది నా చెయ్యి. తెలీకపోయింటే అది వేరు. నాకు తెలుసు మే రెబెకా. ముప్పై నాలుగేండ్లు ఆ సంచిలో జాబులేసినోన్ని."  నన్ను బస్సెక్కించి కింద నిలబడ్డాడు. మర్నాటి నుంచి పనికి రాలేదు.

నేను మాత్రం ఆ రెండొందల పన్నెండునూ మళ్లీ ఎర్రగా వెలిగించాను. సుందరరాజుకు ఫోన్ చేసి జరిగింది మొత్తం చెప్పాను.  అంతా విన్నాక "ఎన్ని ఉంటే అన్నీ పంపండి" అన్నాడు. "ఎవరి చేతికి ఇవ్వాలి" అని కొత్త గడి చేరింది, కవరు మీద కూడా అచ్చవుతుంది. ఊళ్లు తిరిగేవాళ్లు నలుగురు చాలరని ఇంకొకర్ని పెట్టుకున్నారు. ఆ ఇంకొకరు ఎవరో చెప్పనక్కర్లేదు. సైకిలు పోయినంత దూరం సైకిలు మీద, తర్వాత నడక. అరవై నాలుగేళ్ల మనిషి.

మొన్న డిసెంబరులో పిల్లల క్యాంపు ఫారాలు వచ్చాయి. తల్లికి గుండె జబ్బుంటే పిల్లలకూ చూడటం మంచిదని డాక్టర్లు అన్నారట. బైరాగికుంట నుంచి పంతొమ్మిది మంది. పద్దెనిమిదింటిలో ఎవరి చేతికి అనే గడిలో "మణెమ్మ" అని ఉంది. ఒక్కటి ఎర్రగా వెలుగుతోంది. చూస్తే పట్టణం లేదు, జిల్లా లేదు, పిన్ లేదు. వీధి గడిలో "జాబు వద్దు" అని ఉంది. పేట గడిలో "మనిషి రావాల" అని ఉంది. కుక్క ఉంది అన్నదాన్ని వేసినట్టే, కామా దగ్గర కోసి వేసింది ప్రోగ్రామ్. పేరు ఉడతల వెన్నెల, తండ్రి మల్లేశ్.

సిరి నవ్వబోయి నా మొహం చూసి ఆగిపోయింది. నేను ఏ గడినీ ముట్టుకోలేదు. ఎరుపును అలాగే ఉంచి, కారణం గడిలో "ఇల్లు తెలుసు. జీవరత్నం పోవాలి" అని రాసి పంపించాను.